ఒక్క సెకను ఖరీదు

1980ల మొదట్లో అమెరికాలో ఒక పెద్ద ప్రభుత్వ సంస్థ టీఆర్‌డబ్ల్యూ అనే కంపెనీకి ఒక సాఫ్ట్‌వేర్ పని అప్పజెప్పింది. పెద్ద ఆవరణలో వేర్వేరు భవనాల్లో కూర్చునే వెయ్యిమందికి పైగా ఉద్యోగులు ఒకే డేటాబేస్‌లో వెతుక్కోవాలి, అందులోని సమాచారాన్ని విశ్లేషించుకోవాలి. ఆ డేటాబేస్ చాలా పెద్దది, పైగా ఎప్పటికప్పుడు మారిపోతూ ఉండేది. ఒప్పంద పత్రంలో రాసుకున్న అనేక షరతుల్లో ఒకటి, అడిగిన ప్రశ్నకు జవాబు ఒక్క సెకను లోపు తెర మీదకు రావాలన్నది.

ఆ ఒక్క సెకను ఎక్కడి నుంచి వచ్చింది? వాడబోయేవాళ్లను అడిగారు. జవాబు ఎంత త్వరగా కావాలని అడిగితే, ఆలస్యంగా వచ్చినా పర్లేదని ఎవరంటారు? దానికి తోడు పైపైన ఒక లెక్క వేసి, సాధ్యమే అనుకున్నారు. రిక్వైర్‌మెంట్స్ పత్రంలో ‘తర్వాత తేలుస్తాం’ అని వదిలేసిన ఖాళీలన్నీ పూర్తి చేయడానికి గడువు దగ్గరపడింది. ఆ ఖాళీల్లో ఒకదాంట్లో ఈ అంకె వెళ్లి కూర్చుంది. అంతా సంతకాలు పెట్టారు.

తర్వాత డిజైన్ మొదలుపెట్టినవాళ్లకు దాని బరువు తెలిసింది. సెకను లోపు జవాబు ఇవ్వాలంటే ఎవరు ఏ ప్రశ్న అడగబోతున్నారో ముందే ఊహించాలి. ఆ సమాచారం నకలును వాళ్లకు అందుబాటులో ఉన్న కంప్యూటర్‌లో సిద్ధంగా పెట్టాలి. అలా నకళ్లు సర్దిపెట్టే పనికే 25కి మించి పెద్ద కంప్యూటర్లు అవసరమయ్యాయి. అవన్నీ కలిసి నిజంగా ఎంత వేగంగా పనిచేస్తాయో కాగితం మీద తేల్చడం ఎవరి వల్లా కాలేదు. ఖర్చు అంచనా దాదాపు 10 కోట్ల డాలర్లకు చేరింది.

అప్పుడు ఇరుపక్షాలూ ఆగి, ముందే చేయాల్సిన పని ఒకటి చేశాయి. తెరలూ, ముఖ్యమైన కొన్ని సదుపాయాలూ మాత్రమే ఉన్న ప్రోటోటైప్ ఒకటి తయారుచేసి, వాడేవాళ్ల ముందు పెట్టి చూశాయి. నాలుగు సెకన్లలో జవాబు వచ్చినా నూటికి తొంభైసార్లు వాళ్లకు సరిపోతోందని తేలింది. తొందర ఉన్న కొద్ది పనులకు ప్రత్యేక ఏర్పాటు చేసి, మిగతావాటికి నాలుగు సెకన్లు పెట్టుకుంటే అంచనా దాదాపు 3 కోట్ల డాలర్లకు దిగింది.

టీఆర్‌డబ్ల్యూలో చాలాకాలం పనిచేసిన బారీ బోమ్ ఈ సంగతిని 2000లో ఒక వ్యాసంలో రాశారు. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కోర్సులో సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ మోడల్స్ పాఠాన్ని నేను ఎప్పుడూ దీనితోనే మొదలుపెడతాను. ఈ పాఠానికి పుస్తకాల్లో నాలుగు నిలువు గడుల పట్టిక ఉంటుంది. వాటర్‌ఫాల్, వి-మోడల్, స్పైరల్, ఇటరేటివ్ అని పైన రాసి, ఒక్కోదాని కింద లాభాలు, నష్టాలు, ఎప్పుడు వాడాలి అని మూడేసి మాటలు ఇస్తారు. పిల్లలు దాన్ని బట్టీపట్టి పరీక్షలో దించేస్తారు. ఆ పట్టికలో ఉన్నవి చాలావరకు తప్పులేమీ కావు. కానీ రేపు ఉద్యోగంలో చేరినప్పుడు ఎదుటివాళ్లు రాసిచ్చిన ‘ఒక్క సెకను’ను ఏం చేయాలో ఆ పట్టిక చెప్పదు. అందుకే నాలుగు మోడళ్లనూ ఒకే ప్రశ్న అడుగుదాం: ఆ అంకె తప్పని నీకు ఎప్పుడు తెలుస్తుంది? అప్పటికి ఎంత ఖర్చయి ఉంటుంది?

ముందు వాటర్‌ఫాల్ సంగతి చూద్దాం. దీని పుట్టుకగా అందరూ చూపించే కాగితం విన్‌స్టన్ రాయిస్ 1970 ఆగస్టులో ఒక ఇంజినీరింగ్ సభకు రాసిన వ్యాసం. ఆయన కూడా టీఆర్‌డబ్ల్యూ మనిషే. ఆ వ్యాసంలో మెట్ల వరుసలా ఒక బొమ్మ ఉంటుంది. పైమెట్టు మీద సిస్టమ్ అవసరాలు, దాని కింద సాఫ్ట్‌వేర్ అవసరాలు, తర్వాత విశ్లేషణ, ప్రోగ్రామ్ డిజైన్, కోడింగ్, టెస్టింగ్, చివరికి వాడకం. జలపాతం అనే మాట మాత్రం అందులో ఎక్కడా లేదు, అది తర్వాత వేరేవాళ్లు పెట్టిన పేరు. మన పాఠ్యపుస్తకాల్లోకి ఆ బొమ్మ వచ్చింది కానీ, దాని కిందే ఆయన రాసింది రాలేదు. ఈ పద్ధతి మీద తనకు నమ్మకం ఉందంటూనే, బొమ్మలో ఉన్నది ఉన్నట్టు అమలు చేస్తే ప్రమాదమనీ, వైఫల్యాన్ని చేజేతులా పిలవడమేననీ అన్నారు.

ఆయన చెప్పిన కారణం మన ఒక్క సెకనుకు అచ్చంగా సరిపోతుంది. టెస్టింగ్ చివరి మెట్ల దగ్గర ఉంది. కాలం ఎంత పడుతుంది, మెమొరీ ఎంత కావాలి, సమాచారం లోపలికీ బయటికీ ఎలా ప్రవహిస్తుంది అన్నవి అప్పటిదాకా కాగితం మీద ఊహలే. వాటిని మొదటిసారి అనుభవంలో చూసేది ఆ మెట్టు దగ్గరే. అక్కడ లెక్క తప్పితే సరిదిద్దుకోవడానికి ఒక మెట్టు పైకెక్కితే చాలదు. డిజైన్ మొత్తం మార్చాలి, లేదా అవసరాల పత్రమే తిరగరాయాలి. అప్పటికి డబ్బూ కాలమూ దాదాపు అయిపోయి ఉంటాయి.

ఆయన విరుగుడు కూడా చెప్పారు. కొత్తరకం పని అయితే రెండుసార్లు చేయమన్నారు. మొత్తం పని 30 నెలలదైతే, ముందు 10 నెలల్లో ఒక చిన్న నమూనా కట్టి చూసుకోండి, క్లయింట్‌కు అప్పగించేది రెండోసారి కట్టిందే కావాలి అన్నది ఆయన సలహా. క్లయింట్‌ను మొదట్లో సంతకానికి మాత్రమే పిలవకుండా మధ్యమధ్యలో కూడా పనిలోకి తీసుకురమ్మన్నారు. వాటర్‌ఫాల్‌కు తండ్రిగా పేరుబడిన మనిషి ప్రోటోటైప్ కట్టమని పోరాడినవాడు! ఈ అన్యాయం తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఒక మనిషి హెచ్చరికగా గీసిన బొమ్మ ఆయన పేరు మీదే ఆచారంగా చెలామణి అయింది.

ఎందుకలా అయింది? బొమ్మ సులువుగా అర్థమవుతుంది కాబట్టి కొంత. అసలు కారణం మాత్రం డబ్బు చెల్లించే తీరులో ఉందని నా అభిప్రాయం. అమెరికా రక్షణ శాఖ 1985లో తెచ్చిన 2167 అనే ప్రమాణం, ఒక్కో దశ చివర ఏ పత్రం అందాలో వరసగా చెప్పింది. కాంట్రాక్ట్ రాసేవాళ్లకు అది ఎంతో వీలైన పద్ధతి. అవసరాల పత్రం మీద సంతకం పడితే ఒక వాయిదా, డిజైన్ మీద సంతకం పడితే ఇంకో వాయిదా. హైదరాబాద్‌లో, బెంగళూరులో సర్వీస్ కంపెనీల్లో ‘ఫిక్స్‌డ్ ప్రైస్’ ప్రాజెక్ట్ మీద పనిచేసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మొత్తం ధర ముందే ఖరారు చేయాలంటే చేయాల్సిన పని కూడా ముందే ఖరారు కావాలి. వాటర్‌ఫాల్‌ను చాలాసార్లు ఇంజినీర్లు ఎంచుకోరు, టెండర్ ఎంచుకుంటుంది.

అంటే వాటర్‌ఫాల్ పనికిరాదని కాదు. కొలతలు ముందే తెలిసిన పనికి అది చక్కగా సరిపోతుంది. పన్ను లెక్కల పట్టికలు మారి, ఉన్న జీతాల సాఫ్ట్‌వేర్‌లో ఆ మార్పులు చేయాలనుకోండి. నియమాలు గెజిట్‌లో అచ్చయి ఉన్నాయి, ఎవరినీ అడగాల్సింది లేదు. వరసగా దిగిపోవచ్చు. ఎవరి మనసులోనో ఉన్న అవసరాన్ని అంకెగా మార్చాల్సి వచ్చినప్పుడే చిక్కు. ‘ఒక్క సెకను’ అలాంటిది. పై మెట్టు మీద రాసిన అంకెకు చివరి మెట్టు దాకా ఎదురు ప్రశ్న ఉండదు. టీఆర్‌డబ్ల్యూవాళ్లు డిజైన్ దగ్గరే ఆగగలిగారంటే, ఖర్చు ముందే కళ్లు తిరిగేలా పెరిగింది కాబట్టి. అదే అంచనా 10 కోట్లకు బదులు 4 కోట్లు అయి ఉంటే ఎవరూ ఆగేవారు కాదేమో. నోరు మూసుకుని కట్టేసేవాళ్లు.

వి-మోడల్ ఈ మెట్ల వరుసనే మధ్యకు వంచుతుంది. ఎడమ చెయ్యి మీదుగా అవసరాలు, సిస్టమ్ డిజైన్, మాడ్యూల్ డిజైన్ దిగుతాయి. అడుగున కోడింగ్. కుడి చెయ్యి మీదుగా యూనిట్ టెస్ట్, ఇంటిగ్రేషన్ టెస్ట్, సిస్టమ్ టెస్ట్, చివరికి క్లయింట్ ఒప్పుకునే పరీక్ష పైకెక్కుతాయి. జర్మనీ ప్రభుత్వం తన ప్రాజెక్టులకు ఇదే పేరుతో ఒక ప్రమాణం పెట్టుకుంది. కార్ల బ్రేకులు, విమానాల నియంత్రణ వంటి ప్రాణాలతో ముడిపడిన సాఫ్ట్‌వేర్ రాసేచోట ఈ ఆకారం ఇప్పటికీ రోజూ వినిపించే మాట.

దీని విలువంతా ఆ రెండు చేతుల మధ్య అడ్డంగా గీసే గీతల్లో ఉంది. ఎడమవైపు ఒక వాక్యం రాసిన రోజునే, అది నెరవేరిందో లేదో తేల్చే పరీక్షను కుడివైపు రాసిపెట్టాలి. ‘జవాబు త్వరగా రావాలి’ అని రాస్తే పరీక్ష రాయడం కుదరదు కాబట్టి ఆ వాక్యం అక్కడికక్కడే దొరికిపోతుంది. ‘ఒక్క సెకను లోపు రావాలి’ అని రాస్తే? పరీక్ష హాయిగా రాయొచ్చు. ఎంతమంది ఒకేసారి వాడుతుండగా కొలవాలి, ఏ రకం ప్రశ్నకు కొలవాలి అన్న చర్చ ఆ రోజే మొదలవుతుంది. అది మంచిదే. వెయ్యిమందితో పరీక్ష పెట్టాలంటే ఏం కావాలని ఎవరో ఒకరు లెక్క వేసి ఉలిక్కిపడే అవకాశమూ ఉంది. కానీ ఒక్క సెకను అసలు కావాలా అని మాత్రం ఆ గీత అడగదు. రాసింది కట్టామా అన్నది ఒక ప్రశ్న. కావాల్సింది రాశామా అన్నది వేరే ప్రశ్న. వి-మోడల్ మొదటిదానికి గట్టి కాపలా, రెండోదానికి పలుచని కంచె.

రెండో ప్రశ్న అడక్కపోతే ఏమవుతుందో చూపే ఉదాహరణ 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి లేచిన ఏరియన్ 5 రాకెట్. దాని తొలి ప్రయాణం అది. ఇంజన్ మండించిన దాదాపు 40 సెకన్లకు దారి తప్పి ముక్కలైంది. రాకెట్ ఎటు వంగిందో, ఎంత వేగంతో పోతోందో చెప్పే పరికరంలోని సాఫ్ట్‌వేర్‌ను పాత ఏరియన్ 4 నుంచి తీసుకున్నారు. అందులో అడ్డంగా పోయే వేగంతో ముడిపడిన ఒక విలువను 64 బిట్ల దశాంశ సంఖ్య నుంచి 16 బిట్ల పూర్ణాంకంగా మార్చేవాళ్లు. ఆ 16 బిట్లలో పట్టే గరిష్ఠ సంఖ్య 32,767. ఏరియన్ 4 దారిలో ఆ విలువ అంత పెరిగేది కాదు. ఏరియన్ 5 మొదటి క్షణాల నుంచే వేగంగా పక్కకు ఒరుగుతూ పోయే రాకెట్. సంఖ్య పట్టలేదు, పరికరం ఆగిపోయింది. దానికి తోడుగా పెట్టిన రెండో పరికరంలోనూ అదే సాఫ్ట్‌వేర్ కాబట్టి అదీ అదే కారణంతో అంతకు సెకనులో పదో వంతు కంటే తక్కువ ముందుగానే ఆగిపోయింది. ఆగిపోతూ పంపిన లోపసూచనను ప్రధాన కంప్యూటర్ నిజమైన దిశ సమాచారం అనుకుని ఇంజన్ నాజిళ్లను పూర్తిగా తిప్పేసింది.

విచారణ సంఘం నివేదికలో నా దృష్టిని పట్టి నిలిపే వాక్యం వేరే ఉంది. ఆ పరికరానికి రాసిన అవసరాల పత్రంలో ఏరియన్ 5 ప్రయాణించే దారి వివరాలు చేర్చకూడదని అందరూ కలిసి ఒప్పుకున్నారట. వి ఆకారంలో దీన్ని పెట్టి చూడండి. ఎడమవైపు దారి వివరాలు లేవు. ఎడమవైపు లేనిదానికి కుడివైపు పరీక్ష పుట్టదు. ఉన్న పరీక్షలన్నిటిలో ఆ పరికరం నెగ్గింది. ప్రమాదం తర్వాత అసలు దారి అంకెలను నేల మీద కంప్యూటర్‌కు ఇచ్చి నడిపితే, అదే లోపం అచ్చంగా మళ్లీ కనబడింది. అంటే ముందే పట్టుకోగల లోపమే. కుడి చెయ్యి ఎంత బలంగా ఉన్నా, ఎడమ చెయ్యి అందించిందాన్నే అది తూచగలదు.

ఇక బోమ్ దగ్గరికే తిరిగి వద్దాం. ఆయన 1986లో మొదట రాసి, 1988లో మరింత విస్తరించి ప్రచురించిన స్పైరల్ మోడల్, పుస్తకాల్లో నత్తగుల్లలా చుట్టుకున్న బొమ్మగా మాత్రమే మిగిలింది. దాన్ని వాటర్‌ఫాల్‌నే మళ్లీ మళ్లీ తిప్పడం అనుకునే పొరపాటు చాలా ఎక్కువ. నా విద్యార్థులే కాదు, పదేళ్లు పనిచేసినవాళ్లు కూడా అలాగే చెప్పగా విన్నాను. ఆ బొమ్మలో కేంద్రం నుంచి దూరం పెరుగుతున్న కొద్దీ అప్పటిదాకా పెట్టిన ఖర్చు పెరుగుతున్నట్టు. ప్రతి చుట్టులో నాలుగు పనులుంటాయి. ఏం సాధించాలో, ఏయే దారులున్నాయో, ఏ హద్దులున్నాయో రాసుకోవడం మొదటిది. వాటిలో ఏది మనల్ని ముంచగలదో గుర్తించి, దాన్ని తేల్చుకోవడం రెండోది. అప్పుడు ఆ మేరకు కట్టడం మూడోది. వచ్చే చుట్టుకు ప్రణాళిక వేసుకుని, ముందుకు పోదామా వద్దా అని సంబంధితులంతా కూర్చుని నిర్ణయించడం నాలుగోది.

గుండెకాయ రెండోదే. వాటర్‌ఫాల్‌లో తర్వాత ఏం చేయాలో పత్రాల వరస చెబుతుంది. స్పైరల్‌లో అది చెప్పేది రిస్క్. టీఆర్‌డబ్ల్యూ పనిని ఈ చుట్టులో పెట్టి నడిపి చూద్దాం. సాధించాల్సింది: వెయ్యిమందికి పైగా జనం విసుగు లేకుండా ప్రశ్నలు అడిగి జవాబులు పొందడం. దారులు రెండు. సెకను లోపు జవాబిచ్చేలా ప్రత్యేకంగా కట్టుకున్న యంత్రాంగం ఒకటి, బజారులో దొరికే డేటాబేస్‌తో కొంచెం నెమ్మదిగా నడిచేది ఇంకొకటి. హద్దు: బడ్జెట్. ఇప్పుడు మనల్ని ముంచేది ఏది? ఒకటి, ఆ ప్రత్యేక యంత్రాంగం అనుకున్న వేగం ఇవ్వకపోవచ్చు. రెండు, ఆ వేగం అసలు అక్కర్లేకపోవచ్చు. రెండో ప్రశ్న తేల్చడం మొదటిదానికంటే ఎన్నో రెట్లు చవక, పైగా అది తేలితే మొదటిది మాయమవుతుంది. కాబట్టి మొదటి చుట్టులో చేయాల్సింది తెరల ప్రోటోటైప్ ఒక్కటే. అందులో జవాబును కావాలనే ఒకసారి సెకనుకు, ఒకసారి రెండు సెకన్లకు, ఒకసారి నాలుగు సెకన్లకు వచ్చేలా పెట్టి, వాడేవాళ్ల పక్కన కూర్చుని చూస్తే చాలు. వెనకాల నిజమైన డేటాబేస్ కూడా అక్కర్లేదు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నె ఒంపుకోనక్కర్లేదు, ఒక్క మెతుకు నలిపితే తెలుస్తుంది. ఏ మెతుకు పట్టాలో తెలియడమే ఇందులో పనితనం.

ఈ మోడల్ బలహీనత కూడా అక్కడే ఉంది, దాన్ని బోమ్ స్వయంగా ఒప్పుకున్నారు. రిస్క్‌ను గుర్తుపట్టే అనుభవం ఉన్న మనుషులు లేకపోతే స్పైరల్ ఉత్త గీతే. తెలియనివాళ్లు తమకు బాగా తెలిసిన విషయాల మీద పేజీలకు పేజీలు రాసి, తెలియని చోట ఒక్క వాక్యంతో దాటేస్తారు. అది చూస్తే చాలు, రిస్క్ ఎక్కడుందో పట్టేయొచ్చు. కాంట్రాక్ట్ పనులకు ఇది సులువుగా ఇమడదని కూడా ఆయన రాశారు. మొదటి చుట్టు తర్వాత పని స్వరూపమే మారిపోవచ్చు అంటే, ముందే ధర అడిగే టెండర్‌లో దాన్ని ఎక్కడ రాస్తాం?

ఇటరేటివ్ పద్ధతికి వచ్చేసరికి ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. ఇల్లు కట్టేటప్పుడు ముందు రెండు గదులు వేసుకుని, డబ్బు చేరాక ఇంకో గది కలుపుకుంటారు. అది ఇంక్రిమెంటల్. వినాయకుడి విగ్రహం చేసేవాళ్లు ముందు తొండం పూర్తిచేసి, తర్వాత బొజ్జ మొదలుపెట్టరు. గడ్డితో మొత్తం ఆకారం కడతారు, దాని మీద ముతక మట్టి, ఆ పైన మెత్తటి మట్టి, చివరికి రంగులూ కళ్లూ. ప్రతిసారీ మొత్తం విగ్రహాన్నే ముట్టుకుంటారు, వంకర కనిపిస్తే సరిచేస్తారు. అది ఇటరేటివ్. నిజమైన ప్రాజెక్టుల్లో రెండూ కలిసే నడుస్తాయి కానీ, చేసిందాన్ని మళ్లీ ముట్టుకోవడానికి సిద్ధపడటం రెండోదాని ప్రాణం.

ఇది ఇటీవలి ఫ్యాషన్ అనుకునేవాళ్లకు అమెరికా స్పేస్ షటిల్ సంగతి చెప్పాలి. దాని ప్రధాన ఏవియానిక్స్ సాఫ్ట్‌వేర్‌ను ఐబీఎంలో ఒక విభాగం 1977 నుంచి 1980 వరకు రాసింది. 31 నెలల్లో 17 ఇటరేషన్లు, సగటున ఒక్కోటి ఎనిమిది వారాలు. మనుషులు ఎక్కే వాహనం అది, పొరపాటు జరిగితే ప్రాణాలు పోతాయి. అలాంటి పనికి వాటర్‌ఫాలే క్షేమం అని మనం అనుకుంటాం. వాళ్లు దాన్ని పట్టుకోకపోవడానికి కారణం, రాస్తుండగానే షటిల్ అవసరాలు మారుతూ పోవడం. మారేదాన్ని ముందే గడ్డకట్టించలేరు కాబట్టి, ఎనిమిది వారాలకోసారి నడిచే సాఫ్ట్‌వేర్‌ను చేతిలోకి తీసుకుని చూసుకున్నారు.

మరి మన ఒక్క సెకను ఇక్కడ దొరుకుతుందా? దొరుకుతుందనే అందరూ ఠక్కున చెబుతారు. నేను ఇక్కడ కాసేపు ఆపుతాను. మొదటి ఇటరేషన్‌లో ఇరవైమంది వాడతారు, చిన్న డేటాబేస్ పెడతారు. జవాబు అర సెకనులో వస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు. రెండోదాంట్లో లాగిన్ తెరలు, మూడోదాంట్లో రిపోర్టులు. ప్రతి ఎనిమిది వారాలకూ ఏదో ఒకటి పూర్తవుతుంది, నివేదికలో అంకె పెరుగుతుంది. వెయ్యిమందితో, నిజమైన డేటాతో నడిపే రోజు మాత్రం చివరికి జరుగుతూ పోతుంది. నూటికి ఎనభై పాళ్లు అయిపోయిందన్న నివేదిక పక్కనే, కష్టమైన పని నూటికి నూరు పాళ్లూ మిగిలే ఉంటుంది. పేరుకు ఇటరేటివ్, నడకకు వాటర్‌ఫాల్.

దీన్ని పట్టుకోవడానికి నేను చూసే గుర్తు ఒకటుంది. గడిచిన రెండు ఇటరేషన్లలో, అంతకుముందు నిర్ణయించిందాన్ని దేన్నైనా మార్చారా? ఒక్కటీ మార్చకపోతే ఆ జట్టు గదులు కలుపుతోందే తప్ప విగ్రహాన్ని సరిచేయడం లేదు. కొత్తరకం పనిలో ముందు అనుకున్నదంతా సరిపోవడం నేనెప్పుడూ చూడలేదు. అలా సరిపోయిందని చెబుతున్నారంటే చాలాసార్లు వాళ్లు ఇంకా సులువైన పనుల్లోనే ఉన్నారని అర్థం. స్పైరల్ నుంచి ఇటరేటివ్ అరువు తెచ్చుకోవాల్సింది ఇక్కడే ఉంది: ఇటరేషన్ల వరసను సులువును బట్టి కాకుండా భయాన్ని బట్టి పెట్టడం. వెయ్యిమంది భారాన్ని యంత్రంతో అనుకరించే పరీక్షను రెండో ఇటరేషన్‌లోనే పెడితే, ఆ అంకె పదహారు వారాలు తిరగకుండానే బయటపడుతుంది. స్పైరల్‌లో అది అంతకంటే ముందే, తెర బొమ్మతోనే తేలుతుంది. వి-మోడల్‌లో పరీక్ష రాసే రోజున తేలితే తేలుతుంది. వాటర్‌ఫాల్‌లో యంత్రాలు కొని, కోడ్ రాసి, టెస్టింగ్ మొదలయ్యాక తేలుతుంది.

సాయంత్రం క్లాసులో కిందటేడు ఒక జట్టుకు పల్లెలోని పాల కేంద్రానికి సాఫ్ట్‌వేర్ ప్రణాళిక వేసే అసైన్‌మెంట్ ఇచ్చాను. ఉదయం, సాయంత్రం రైతులు పాలు తెస్తారు. కేంద్రంలో తూకం వేస్తారు, చిన్న శాంపిల్ తీసి మిషన్‌లో పెట్టి వెన్న శాతం చూస్తారు, దాన్ని బట్టి రేటు కట్టి స్లిప్పు ఇస్తారు. పక్షానికోసారి డబ్బు. నలుగురూ రెండు రోజుల్లో పద్దెనిమిది పేజీల అవసరాల పత్రం రాసుకొచ్చారు. ఆరో పేజీలో ‘శాంపిల్ ఫలితం వచ్చాక 5 సెకన్లలో స్లిప్పు ప్రింట్ కావాలి’ అని ఉంది.

“ఈ ఐదు ఎవరు చెప్పారు?” అన్నాను.

“ఎవరూ చెప్పలేదు మేడమ్. లైన్‌లో జనం ఉంటారు కదా, ఐదైతే బాగుంటుందనుకున్నాం.”

వాళ్లలో ఒకమ్మాయిది కృష్ణా జిల్లాలో పల్లెటూరు. శనివారం ఇంటికి వెళ్లినప్పుడు తెల్లారగట్ల కేంద్రం దగ్గర నిలబడి చూడమన్నాను. వెళ్లింది. పాలు పోయించుకునే ఆయన ఆమెకు వరసకు బాబాయి అవుతాడు. స్లిప్పు ఎంతసేపట్లో రావాలని అడిగితే ఆయన ఆమె వంక వింతగా చూశాడట.

“మిషను అంకె చూపించడానికే నిమిషం తీసుకుంటది కదమ్మా. ఆ తర్వాత నీ కాగితం ఐదు సెకన్లకొస్తే ఏంటి, పదికొస్తే ఏంటి? మధ్యలో కరెంటు పోతే ఏం చేస్తదో అది చెప్పు. మొన్న పాలు క్యాన్లో కలిపేశాక కరెంటు పోయింది. శాంపిలూ లేదు, అంకే లేదు. రత్తమ్మ గారికి ఏం రేటు కట్టమంటావ్?”

పద్దెనిమిది పేజీల్లో కరెంటు అన్న మాట ఎక్కడా లేదు. సోమవారం ఆ అమ్మాయి పత్రం తెచ్చి నా ముందు పెట్టింది. ఆరో పేజీలో 5 మీద అడ్డంగా గీత. దాని పక్కన పెన్సిల్‌తో మొదటి వారం పనిగా రాసి ఉంది: అంకె తెర మీదకు వచ్చి, నమోదయ్యేదాకా పాలు క్యాన్లో కలపనివ్వకుండా ఎలా ఆపాలి? అప్పటిదాకా వెనకున్న లైన్ ఊరుకుంటుందా? కేంద్రం దగ్గర రెండు పూటలు చేయించి చూడాలి.